సేమ్యా వేగిన చప్పుడు

మా కాలనీ సంఘానికి నెలకో ఆదివారం పొద్దున సమావేశం ఉంటుంది. నీళ్ళ ట్యాంకు కడిగించడం, గేటు దగ్గర వెలగని లైటు, ఎవరి కారు ఎవరి కారుకి అడ్డం వంటి ప్రపంచ సమస్యలన్నీ అక్కడ చర్చకొస్తాయి. వీటికోసం జనం పరిగెత్తుకొస్తారనుకుంటే పొరపాటు. టిఫిను కోసం వస్తారు. ఆ టిఫిను సేమ్యా ఉప్మా. చేసేది నేను.

ఎన్నేళ్ళుగానో నేనే. మొదట్లో మా ఆయన సంఘానికి అధ్యక్షుడు కాబట్టి చేశాను. ఆయన పోయాక అధ్యక్షులు మారారు గానీ గరిటె మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది. నెలకోసారి నలుగురిలో కూర్చుని, నలుగురి చేత "అక్కయ్యగారూ, ఇంకొంచెం" అనిపించుకునే రోజు నాకదొక్కటే. మిగతా రోజుల్లో నన్ను పిలిచేది పాలవాడు, అదీ "పాలమ్మా" అని.

నా ఉప్మాలో గొప్పంతా ఒక్కటే. పోగుకి పోగు అంటుకోదు. చెంచాతో తీస్తే వాన చినుకుల్లా రాలుతుంది. రహస్యం ఏమిటని అడిగేవాళ్ళు. రహస్యమేముంది, వేయించడమే. సన్నని సెగ, వెడల్పు మూకుడు, తడిసీ తడవనంత నెయ్యి, ఆగని చెయ్యి. పచ్చిగా మిగిలిన పోగు నీళ్ళు తగలగానే జిగురు వదులుతుంది, పక్కవాణ్ణి కావలించుకుంటుంది. వేగిన పోగు అలా కాదు, నీళ్ళు తాగుతుంది గానీ తన మర్యాదలో తానుంటుంది. అయితే ఎప్పుడు వేగిందో తెలియాలి. అది నాకు ముక్కు చెప్పేది. ఒక చేత్తో కలుపుతూ, పొయ్యి వైపు చూడకుండా పక్కనున్నవాళ్ళతో కబుర్లు చెబుతూ ఉండేదాన్ని. పిండి వాసన పోయి, వేరుశనగ పలుకు వేగినట్టు ఒక కమ్మదనం వచ్చే క్షణం ఉంటుంది. అంతే, దించేయడం.

మొన్న చలికాలంలో జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ నా ముక్కుని పట్టుకుపోయింది.

ముక్కు ఉంది. ముక్కుపుడకా ఉంది. వాసన లేదు. డాక్టరు ఓ సీసా మూత తీసి ముక్కు కింద పెట్టి, "ఏమైనా తెలుస్తోందామ్మా?" అన్నాడు. "సీసా చల్లగా ఉంది బాబూ" అన్నాను. "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఈ ముక్క చెప్పడానికి అంత చదువు చదివాడు పాపం.

ఇంట్లో మనిషి లేకపోవడం నాకు అలవాటైపోయింది. వాసన లేకపోవడం వేరు. తాళం తీసి లోపలికి వస్తే ఇల్లు నన్ను గుర్తుపట్టనట్టు ఉండేది. అల్మారా తలుపు తీస్తే ఉత్త చెక్క. సబ్బుతో మొహం కడుక్కుంటే ఉత్త నురగ. పాలు విరిగాయో లేదో తెలియక మంచివి కూడా పారబోశాను. ఏం తిన్నా నాలుక మీద ఉప్పూ కారం ఆనేవి, అంతకు మించి సుద్దముక్క నమిలినట్టే. తినేటప్పుడు నాకు మిగిలిన సుఖమల్లా పంటి కింద తగిలేది, నాలుక మీద జారేది. అది కూడా ముద్దయిపోతే ఇక అన్నమెందుకు, అట్టపెట్టె తినొచ్చు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి దగ్గరలో ఉన్నది మా తోడికోడలు. మా ఆయన తమ్ముడి భార్య. ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకున్నాం. మధ్యలో గోడ లేచింది గానీ, మా రెండు వంటిళ్ళ నడుమ మాత్రం పైకప్పు దాకా కట్టలేదు. పొగ పోవాలని జానెడు జాగా వదిలేశారు. పొగ సంగతేమో గానీ ఇన్నేళ్ళూ ఆ జానెడులోంచి నా గొంతు పోయింది. ఆమె పోపు మాడబెడితే ఇటునుంచి "అమ్మాయ్, ఆవాలు బొగ్గులయ్యాయి, దించు!" అనేదాన్ని. పాలు అడుగంటితే ఆమెకన్నా ముందు నాకే తెలిసేది. ఇన్నాళ్ళు ముక్కుతో పెత్తనం చేసి, ఇప్పుడు ఆ ముక్కే లేదని చెప్పుకోవడం ఎలా? అదీ ఆమెతో?

అసలు గొడవ పోయిన నెల సమావేశంలో జరిగింది. వాసన అందదు, మాడుతుందేమోనని భయం. సేమ్యా అంతా ఒకేసారి మూకుట్లో పోసి, అడుగున ఎర్రబడగానే దించేశాను. అడుగున ఎరుపు, పైన తెలుపు. ఆ తెల్లవన్నీ మరిగే నీళ్ళలో పడగానే కలిసికట్టుగా ఒక్కటైపోయాయి. మూత తీస్తే గిన్నె ఆకారంలో ఉప్మా. వడ్డిస్తున్నాను, రాదు. గరిటె నిలబెడితే నిలబడింది. అప్పుడు మా తోడికోడలు అందరి ముందూ, తియ్యగా, "అక్కా, గరిటెందుకు గానీ కత్తి తీసుకురానా? ముక్కలు కోసి పంచుదాం" అంది.

అందరూ నవ్వారు. మంచి మాటే. ఇంకెవరి ఉప్మా మీదైనా పడి ఉంటే నేనూ నవ్వేదాన్ని. ఆరోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. గోడ మీది జాగాలోంచి ఆమె గిన్నెల చప్పుడు వినిపించేది, కుక్కరు కూత వినిపించేది. ఇటు నుంచి మాత్రం ఏమీ పోలేదు.

ఈ నెల సమావేశం దగ్గర పడుతుండగా సంఘం కార్యదర్శి వచ్చాడు. ప్రతి సమావేశంలోనూ మినిట్స్ చదువుతాడు కాబట్టి ఆయన్ని అందరం మినిట్స్ గారనే అంటాం. నిజానికి ఆయన చదవడం మొదలుపెడితే గంటలు పడుతుంది.

"అక్కయ్యగారూ, మీకెందుకండీ ఈ శ్రమ? ఈసారి మూలమీద హోటలు వాడికి చెప్పేద్దామని అనుకుంటున్నాం" అన్నాడు, గడప మీదే నిలబడి.

"అనుకుంటున్నది ఎవరు?"

"అంటే... అందరూ."

"హోటలు వాడి ఉప్మా ఎప్పుడైనా తిన్నారా?"

"తిన్నానండి. అదీ ముద్దే గానీ, వాడైతే మనం తిట్టొచ్చు గదండీ."

ఇది నాకు బాగా తగిలింది. మొహమాటానికి తింటున్నారన్నమాట. ఒకసారి గరిటె చేజారితే మళ్ళీ చేతికి రాదు. ఇక ఆ ఆదివారం కూడా మామూలు ఆదివారం అయిపోతుంది.

"ఈ ఒక్కసారి చేస్తాను. కుదరకపోతే మీ హోటలు వాడే చూసుకుంటాడు" అన్నాను. అక్కడితో ఆగొచ్చుగా? "పాయసం కూడా చేస్తాను" అన్నాను. నోరు మాత్రం జ్వరానికి చెక్కుచెదరలేదు.

మర్నాటి నుంచి సాధన మొదలుపెట్టాను. ముక్కు లేకపోతేనేం, కళ్ళున్నాయి గదా అనుకున్నాను. నా వంటింట్లో పగలు కూడా బల్బు వెయ్యాలి. పసుపు బల్బు. దానికింద పచ్చి సేమ్యా కూడా దోరగా వేగినట్టే కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ ఈ సంగతి తెలియలేదు, చూస్తే గదా తెలియడానికి! వేగిందనుకుని దించి, వీధి గుమ్మం దగ్గర వెలుతుర్లో చూస్తే సగం తెల్లగా ఉంది. వండితే సగం ముద్ద. తిన్నాను. పారేస్తే ఎవరో ఒకరు చూస్తారు.

తర్వాతి రోజు ఇంకో పొట్లం విప్పాను. ఈసారి తెల్లదనం మిగలకూడదని పట్టుదలగా వేయించాను. ఎంత సేపు వేయించానో, గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే కాఫీపొడి రంగు. నోట్లో వేసుకుంటే చేదు. పొట్లం తిరగేసి చదివాను. 'వేయించిన సేమ్యా' అని ఉంది. వేయించినదాన్ని మళ్ళీ వేయించాను! ముక్కున్న ఏ మనిషికైనా పొట్లం విప్పగానే తెలిసిపోయే సంగతి. ఆ చేదు కూడా మజ్జిగతో మింగాను.

మూడో పొట్లం వేగుతుండగా గోడ అవతల నుంచి చప్పుడైంది. టక్, టక్. గరిటె కాడతో గోడ మీద కొట్టినట్టు.

నాకు ఒళ్ళు మండింది. రోజూ మాడు కంపు వాళ్ళింట్లోకి పోతోందని విసుగన్నమాట! మాటల్లేవు గనక గోడని కొడుతోంది. స్టూలు ఎక్కి ఆ జానెడు జాగాలో అట్టముక్క ఇరికించాను. దిగేసరికి సేమ్యా నల్లబడింది.

మర్నాడు వంటిల్లంతా పొగ నిండి కళ్ళు మండి, గత్యంతరం లేక అట్ట తీశాను. మళ్ళీ వేయిస్తున్నాను. మళ్ళీ టక్, టక్. ఈసారి కోపంతో పొయ్యి కట్టేసి, మూకుడు తీసుకెళ్ళి పళ్ళెంలో బోర్లించేశాను. "కొట్టుకో, ఇక వేయించను" అని గోడకి చెప్పాను. తర్వాత పళ్ళెం వెలుతుర్లో పెట్టి చూద్దును గదా, ఒక్క తెల్ల పోగు లేదు, ఒక్క నల్ల పోగు లేదు. అన్నీ కొత్త గడ్డి రంగులో మెరుస్తున్నాయి.

వండాను. రాలింది. నాలుక మీద పోగులు వేటికవి జారాయి. వంటగట్టు దగ్గరే నిలబడి తినేశాను. రుచి తెలియదు, అయినా అంత బాగా తిని ఎన్నాళ్ళయిందో.

ఆడది గోడని ఊరికే కొట్టదని అప్పుడు అర్థమైంది. కానీ నమ్మకం కుదరాలి గదా. మర్నాడు పరీక్ష పెట్టాను. సెగ బాగా తగ్గించి, కావాలని ఆలస్యంగా వేయించాను. టక్ టక్ కూడా ఆలస్యంగానే వచ్చింది. ఇంకోసారి నెయ్యి మాత్రమే కాచాను. ఏమీ రాలేదు. గోడ అవతల ఒక ముక్కు నా పొయ్యి మీద కాపలా కాస్తోంది. ఆమెకెలా తెలుసు? అడగాలంటే మాట్లాడాలి. మాట్లాడాలంటే ఆ కత్తి మాట మరిచిపోవాలి. గోడ కొట్టినంత సేపూ మాట్లాడే పని తప్పింది గనక ఇద్దరం అలాగే కానిచ్చాం. పొద్దున నేను వేయించడం, ఆమె కొట్టడం, నేను దించడం. ఒక్క మాట లేదు.

అలా వింటూ వింటూ ఇంకొకటి కూడా వినబడసాగింది. పచ్చి సేమ్యా మూకుట్లో కలుపుతుంటే మెత్తగా, గుడ్డ ఈడ్చినట్టు ఉంటుంది. ఆ టక్ టక్ వచ్చే వేళకి చప్పుడు తేలికై, గాజుముక్కలు రాసుకున్నట్టు గలగలమనేది. గరిటెకి కూడా బరువు తగ్గినట్టుండేది. గమనించాను గానీ లెక్కచెయ్యలేదు. గోడ ఉండగా చెవులతో పనేముంది?

ఆదివారం వచ్చింది. పెందరాళే స్నానం చేసి, పెద్ద మూకుడు పెట్టాను. ఈసారి తెలివి తెచ్చుకుని ఒక్కో వాయికీ రెండు గుప్పిళ్ళే వేశాను. కలుపుతున్నాను. చప్పుడు మారింది. గోడ కొట్టలేదు. ఇంకా కలుపుతున్నాను. కొట్టలేదు. దించి పళ్ళెంలో పోశాను. మూకుట్లోనే వదిలేస్తే పొయ్యి ఆపినా ఆ వేడికే ఇంకో వన్నె ఎక్కేస్తుంది. బయట ఇంకా చీకటి విడలేదు, గుమ్మం దగ్గర కూడా రంగు తెలియడం లేదు.

పళ్ళెం పట్టుకుని పక్క వాటా తలుపు కొట్టాను. నెల రోజుల పంతం, ఒక పళ్ళెం సేమ్యాకి పోయింది.

తలుపు తీసింది. ముక్కు ఎర్రగా ఉంది, చేతిలో రుమాలు.

"వాసన చూడు. కుదిరిందా?" అన్నాను. ఉపోద్ఘాతాలు లేవు.

పళ్ళెం వైపు చూసింది. నా వైపు చూసింది. "జలుబక్కా. నిన్న సాయంత్రం నుంచి ముక్కు దిబ్బడేసింది. తలుపు సందులో చెయ్యి పడ్డా వాసన తెలియదు."

"చెయ్యి పడితే వాసన తెలియడమేమిటే?"

"ఏదో మాటలే. తల పనిచెయ్యట్లేదు."

గడపకి అటూ ఇటూ నిలబడ్డాం. అరవై మందికి టిఫిను, ఇద్దరం ఆడవాళ్ళం, ఒక్క ముక్కు లేదు. ముందు ఆమె నవ్వింది, నవ్వులోనే తుమ్మింది. నాకూ నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది, అది చూపించలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"పోయిన సమావేశం అయిన వారానికి. నా పోపు మాడింది, నువ్వు అరవలేదు. అలిగావనుకున్నా. ఎంత అలిగినా మాడిన పోపుని నువ్వు వదిలిపెట్టే మనిషివా? మర్నాడు కావాలని పాలు అడుగంటా మాడబెట్టా. మీ మరిది ఆ కంపు భరించలేక వీధిలోకి పారిపోయాడు. నీ వైపు చెవి పెడితే పాట పాడుకుంటూ గిన్నెలు కడుగుతున్నావు. అప్పుడనుకున్నా, అక్క ముక్కు పోయిందని."

"మరి చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్పొచ్చుగా?" రుమాలుతో ముక్కు తుడుచుకుంది. "ముందే తెలిస్తే ఆ కత్తి మాట అనేదాన్నా?"

"అనేదానివే. ఇంకా పదునైంది వెతుక్కుని మరీ అనేదానివి."

ఆమె చెప్పులు వదిలి నా వెనకే వంటింట్లోకి వచ్చింది. తన వాటాలోంచి తెల్ల ట్యూబులైటు ఊడదీసుకుని వస్తానంది గానీ, ఆపాను. తన కొడుకు చదువుకునే బల్ల లైటు తెచ్చి గట్టు మీద పెట్టింది. తెల్లటి వెలుగు. తెల్ల పింగాణీ పళ్ళెం దానికింద. నేను వేయించిన వాయి అందులో పోసి చూసింది.

"కుదిరిందక్కా. కావాలంటే నువ్వే చూసుకో."

చూశాను. గడ్డి రంగు. చెవి పట్టుకున్నది కన్ను ఒప్పుకుంది.

అలా చేశాం. నేను కలుపుతూ వినేదాన్ని. గలగలమనగానే "ఇదిగో" అనేదాన్ని. ఆమె చెంచాడు తీసి వెలుతుర్లో పోసి, "ఇంకొంచెం" అనో "ఇక దించు" అనో అనేది. మధ్యమధ్య తుమ్ము వస్తే వాకిట్లోకి పరిగెత్తేది. వేగినవన్నీ పలచగా పరిచి ఆరబెట్టాం. ఒకే పెద్ద గుండిగ పెడితే పైబరువుకి అడుగున నలిగి ముద్దవుతుందని రెండు వెడల్పు గిన్నెల్లో పచ్చిమిరపకాయ, కరివేపాకు పోపు వేసి ఎసరు పెట్టాను. కప్పు సేమ్యాకి కప్పున్నర నీళ్ళు, అంతకు మించి చుక్క లేదు. ఉప్పు, చెంచాడు నూనె. నీళ్ళు తెర్లుతుండగా సేమ్యా జారవిడిచి, ఒక్కసారి కింది నుంచి పైకి తిప్పి, సెగ తగ్గించి మూత పెట్టాను. నీళ్ళు ఇంకగానే పొయ్యి కట్టేశాను.

ఆమె మూత వైపు చెయ్యి చాచింది. "చూద్దామక్కా?"

"చెయ్యి తియ్. ఇప్పుడు కెలికితే అంతా పోతుంది. తనంతట తాను ఆరనీ."

"ముక్కు పోయినా పెత్తనం పోలేదు" అంది, చెయ్యి తీసేస్తూ.

పాయసానికి పాలు మరిగించి, వేయించిన సేమ్యా అందులో మెత్తబడ్డాకే పంచదార వేశాను. ముందే వేస్తే పోగు బిర్రబిగుసుకుని ఉడకదు. పాయసం ఆగిన కొద్దీ పాలు తాగేసి చిక్కబడుతుందని, వేడి పాలు ఒక చెంబుడు పక్కన పెట్టి పట్టుకెళ్ళాం.

మూత తీసింది సమావేశంలోనే. ఫోర్కుతో కదిపితే రాలింది. మినిట్స్ గారు వరసలో మొదట నిలబడ్డాడు. పళ్ళెం అందుకుని, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి, "ఆహా, అక్కయ్యగారూ, ఈ వాసనకే సగం కడుపు నిండిందండీ" అన్నాడు. మా తోడికోడలు గబుక్కున రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను "మిగతా సగానికి ఇంకో గరిటె వెయ్యనా?" అన్నాను. వెయ్యమన్నాడు. హోటలు వాడి ప్రస్తావన ఆరోజు మినిట్స్‌లోకి ఎక్కలేదు.

అందరూ పళ్ళేలు పట్టుకుని ట్యాంకు గురించి పోట్లాడుకుంటుంటే నేను సంఘం గదిలో ఓ పక్కన నిలబడి చూశాను. అంతమంది నెయ్యి వాసన గురించి, కరివేపాకు వాసన గురించి మాట్లాడుతున్నారు. నేను ఒక గాజుతలుపు బయట నిలబడి లోపలి పెళ్ళి చూస్తున్నట్టుంది. అయినా బయటే నిలబడ్డాను గానీ ఇంటికి పోలేదు గదా అనుకున్నాను.

తిరిగొచ్చాక ఇద్దరం పెరట్లో గిన్నెలు తోముకున్నాం. ఆమె ముక్కు కాస్త తెరిపిచ్చిందట. సబ్బు వాసన తెలుస్తోందంది. అని, నాలిక కరుచుకుంది.

"నాది రాకపోవచ్చన్నాడు డాక్టరు" అన్నాను.

ఆమె తోముతున్న గిన్నె తోముతూనే ఉంది. తర్వాత, "మరి గ్యాసు, అక్కా? లీకయితే?" అంది.

నేనసలు అది ఆలోచించలేదు. సేమ్యా గురించి అంత ఆలోచించినదాన్ని, ప్రాణం గురించి ఆలోచించలేదు.

"రోజూ మాపటికి నేనొచ్చి సిలిండరు కట్టేసి పోతా" అంది.

"నాకు చేతుల్లేవా?"

"ఉన్నాయి. మరిచిపోయే బుర్ర కూడా ఉంది."

ఆమె వెళ్ళిపోయింది. పిల్లాడు బడి బట్టల గురించి అరుస్తున్నాడు అవతల. నేను తలుపు వేసుకుని వచ్చాను. ఇల్లు ఎప్పటిలాగే ఏ వాసనా లేకుండా, ఎవరిదో ఇల్లులా ఉంది. మిగిలిన ఉప్మా చిన్న గిన్నెలో పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. చల్లారినా విడివిడిగానే ఉంది. ఉప్పు తెలిసింది, పచ్చిమిరపకాయ తెలిసింది. మిగతాదంతా పోగులే. కళ్ళు మూసుకుని, తొందరపడకుండా, అన్నీ తిన్నాను.

తర్వాత లేచి సిలిండరు నాబ్ నేనే కట్టేశాను. కాసేపు ఆలోచించి, మళ్ళీ తెరిచిపెట్టాను. సాయంత్రం ఆమె రావడానికి పనుండాలి గదా.